గురువారం గుంట

"మా పేటకి గురువారం సాయంత్రాలు సెలవిచ్చింది నువ్వేనటగా! ఒక్క మాటైనా చెప్పావు కాదేమే?"

శుక్రవారం పొద్దున్నే తలుపు తీయగానే అక్క అన్న మొదటి మాట అది. చేతిలో బకెట్టు, బకెట్టులో ఆసుపత్రి ముద్ర ఉన్న దుప్పటి, దాన్నుంచి కారుతున్న సబ్బునీళ్లు. బకెట్టుని గుమ్మంలోనే దించి, తనే లోపలికొచ్చి, తనే కుర్చీ లాక్కుని కూర్చుంది. అక్కకి ఎవరూ మర్యాదలు చేయనక్కర్లేదు, తనకి కావలసినవి తనే చేసుకుంటుంది.

చెల్లెలు లోడ్ డిస్పాచ్ సెంటర్‌లో ఇంజినీరు. రేపు ఊళ్లో ఏ పావుగంటకి ఎంత కరెంటు కావాలో ఇవాళే లెక్కగట్టి చెప్పడం ఆమె ఉద్యోగం. ఆ లెక్కంతా అలలతో కడుతుందని ఆఫీసులో అందరూ ఆమెని అలలమ్మ అంటారు. వెక్కిరింతగా మొదలైన పేరే గానీ, ఇప్పుడు ఫైళ్ల మీద పెన్సిల్‌తో కూడా అదే రాస్తున్నారు. ఆమె కూడా పలుకుతోంది.

"సెలవేంటక్కా? నేనేం ఇచ్చాను?"

"సబ్‌స్టేషన్ ఆపరేటర్ దగ్గరికి పోట్లాటకి వెళ్లాన్లే నిన్న. 'నన్ను తిట్టకమ్మా, నాకు పైనుంచి కాగితం వస్తుంది. గురువారం ఆరింటినుంచి తొమ్మిదింటిదాకా మీ పేటకి అయిదు మెగావాట్లే అని ఉంటుంది. ఆ లెక్క కట్టేది మీ చెల్లెలే' అన్నాడు. నా మొహం ఎక్కడ పెట్టుకోవాలో తెలీలేదే బాబూ!"

అక్కది వంతెన అవతలి పేటలో లాండ్రీ. ఆరు పెద్ద వాషింగ్ మెషిన్లు, ఎనిమిదిమంది ఆడవాళ్లు. ఆసుపత్రి దుప్పట్లు, డాక్టర్ల పచ్చబట్టలు గురువారం మధ్యాహ్నం వస్తాయి, శుక్రవారం పొద్దున ఆరింటికల్లా ఉతికి ఇస్త్రీ చేసి అప్పగించాలి. సరిగ్గా ఆరింటికి కరెంటు పోతే మెషిన్ తలుపు బిగుసుకుపోతుంది. లోపల నీళ్లూ దుప్పట్లూ మింగి తొమ్మిదింటిదాకా నోరు తెరవదు.

"ఆసుపత్రి వాళ్లు ఆఖరి మాట చెప్పేశారు. వచ్చే శుక్రవారం కూడా బట్టలు తగ్గితే ఇంకొకళ్లకి ఇచ్చేస్తారట. ఎనిమిదిమందినీ ఏం చేయను? మీ ఆఫీసుకి పంపనా? అలలు లెక్కపెడతారు."

"అక్కా, ఆ కోత ఎప్పుడో తీసేశారు. పవర్ స్టేషన్‌లో ఒక యూనిట్ పాడైనప్పుడు, ఏడు సబ్‌స్టేషన్లకి వారానికో రోజు చొప్పున వంతులేశారు. మీకు గురువారం వచ్చింది. ఆ యూనిట్ బాగై నాలుగు నెలలైంది. ఇప్పుడు కోత లేదు."

అక్క కాలితో బకెట్టుని చెల్లెలి వైపు జరిపింది.

"కోత లేకపోతే ఇదేంటి మరి?"

ఆ మాట అలలమ్మకి చెంపదెబ్బ తగిలినట్టే తగిలింది.

ఆఫీసుకి వెళ్తూనే వంతెన సబ్‌స్టేషన్ ఫైలు తెరిచింది. గంటకి నాలుగు పావుగంటలు, రోజుకి తొంభై ఆరు. ఆఫీసు భాషలో పావుగంటని బ్లాకు అంటారు. వారానికి ఆరువందల డెబ్బై రెండు బ్లాకులు. ఇలాంటి పన్నెండు వారాల వాడకం ఎదురుగా పెట్టుకుని, దాన్ని అలలుగా విడగొట్టడమే ఆమె పని. రోజుకొకసారి లేచి పడే అల ఒకటి, రెండుసార్లు లేచి పడేది ఇంకొకటి, మూడుసార్లు, నాలుగుసార్లు, అలా. వారానికొకసారి లేచి పడే అలలు వేరే. ఒక్కో అలకీ ఒక సైన్, ఒక కొసైన్. ఆ రెండింటి పాళ్లు మారిస్తే అల ఎత్తూ మారుతుంది, ఏ వేళకి లేవాలో అదీ మారుతుంది. ఏ అల ఎంత కలపాలో రిగ్రెషన్ అనే లెక్కల పద్ధతి తేలుస్తుంది. అన్నీ కలిపితే జనం పొద్దున లేచి గీజర్ వేసుకోవడం, మధ్యాహ్నం మందగించడం, సాయంత్రం దీపాలు పెట్టుకోవడం, ఆదివారం ఆలస్యంగా లేవడం, అన్నీ ఒక గీతలో కనబడతాయి. ఆ గీతంటే ఆమెకి ప్రాణం. పెళ్లిచూపుల్లో కూడా దాని గురించే మాట్లాడి సంబంధం చెడగొట్టుకుంది, దానికి ఇప్పటికీ చింత లేదు.

మొదట్లో ఆమె లెక్కలో రోజు అలలు ఆరు, వారపు అలలు మూడు, అంతే ఉండేవి. నున్నటి గీత వచ్చేది. కొరత రోజుల్లో మాత్రం వంతెన సబ్‌స్టేషన్ దగ్గర గురువారం సాయంత్రం లెక్క బోల్తా పడేది. గీత పదమూడు మెగావాట్లంటే, మీటరు అయిదు చూపించేది. నెలాఖరు నివేదికలో ఆ గడి ఎర్రగా ఉండేది. చీఫ్ గారికి ఎరుపంటే గిట్టదు. "ఏం చేస్తారో నాకు తెలీదు, అది పచ్చగా కావాలి" అన్నారు.

అప్పుడు ఆమె ఏం చేసింది? వారపు అలల్ని మూడు నుంచి నలభై రెండుకి పెంచింది. అందులో ఏడోది, పధ్నాలుగోది, ఇరవై ఒకటోది, అలా ఏడేసి చొప్పున వచ్చేవి రోజు అలలే కాబట్టి, రోజు అలల్ని విడిగా పెట్టడం మానేసింది. ఒకే అలని రెండు పేర్లతో పెడితే దేనికెంత ఇవ్వాలో తెలియక లెక్క తికమకపడుతుంది. నలభై రెండో అల నాలుగు గంటల్లో లేచి పడుతుంది. అంత చిన్న అలలుంటే మూడు గంటల గుంటనైనా గీతలో పోత పోయవచ్చు. పోసింది. తప్పు శాతం ఆరు నుంచి రెండున్నరకి దిగింది, గడి పచ్చబడింది, చీఫ్ గారు సభ పెట్టి ప్రశంసాపత్రం ఇచ్చారు. దాన్ని ఆమె లామినేషన్ చేయించుకుంది కూడా. ఆఫీసంతా దానికి గురువారం గుంట అని పేరు పెట్టుకున్నారు.

నివేదికలో ఆ గుంటకి కారణం రాయాల్సిన చోట ఆమె చేత్తో రాసిన వాక్యం ఇప్పుడు ఎదురుగా ఉంది. "ఆ ప్రాంతంలో దుకాణాలకు గురువారం సాయంత్రం వారపు సెలవు కావచ్చు."

కావచ్చట! సొంత అక్క అక్కడుంటే, ఒక్క ఫోన్ చేసి అడగకుండా 'కావచ్చు' అని రాసింది. ఎవరి మీదైనా ఆమెకి కోపం వస్తే అది అయిదు నిమిషాల్లో దిగిపోతుంది. ఆ రోజు తన మీద తనకొచ్చిన కోపం సాయంత్రమైనా దిగలేదు.

గీతని పక్కన పెట్టి ముడి అంకెలు చూసింది. ప్రతి గురువారం డెబ్బై మూడో బ్లాకులో, అంటే సరిగ్గా ఆరింటికి, వాడకం పన్నెండు నుంచి అయిదుకి ఒక్కసారిగా పడింది. ఎనభై అయిదో బ్లాకులో, అంటే సరిగ్గా తొమ్మిదింటికి, ఒక్కసారిగా లేచింది. పన్నెండు వారాలూ అంతే, ఒక్క పావుగంట అటూ ఇటూ లేదు. దుకాణాల సెలవైతే ఒకడు అయిదున్నరకి మూస్తాడు, ఒకడు ఏడింటికి. వేలమంది మనుషులు గడియారం చూసుకుని ఒక్క క్షణంలో కరెంటు మానరు. అలా మానేది స్విచ్చు ఒక్కటే.

సోమవారం సెలవు పెట్టి వంతెన సబ్‌స్టేషన్‌కి వెళ్లింది. అక్కడి ఆపరేటర్‌ని అందరూ రిజిస్టరు బాబాయి అంటారు. కంప్యూటర్‌లో ఎంత ఎక్కించినా, చేత్తో రిజిస్టర్లో రాస్తే తప్ప ఏదీ జరిగినట్టు ఒప్పుకోడు.

"రండి రండి ఇంజినీరమ్మగారూ. మీ అక్కగారి నోటికో దండం. ఆవిడ కరెంటు లేకుండానే మెషిన్లు తిప్పగలదు."

"బాబాయిగారూ, గురువారం ఫీడర్లు ఎందుకు తీస్తున్నారు?"

ఫీడరంటే సబ్‌స్టేషన్ నుంచి వీధుల్లోకి వెళ్లే లైను. అక్కడ ఆరున్నాయి. ఆసుపత్రిదీ నీళ్ల పంపులదీ వదిలేసి మిగతా నాలుగూ తీస్తున్నాడు. ఆయన రిజిస్టరు తిప్పి వేలు పెట్టి చూపించాడు. 'గురువారం 18.00. నాలుగు ఫీడర్లు ఆఫ్. కారణం: కేటాయింపు మించకుండా.' పన్నెండు పేజీల్లో అదే చేతిరాత, అదే వాక్యం.

"నాకు వచ్చిన కాగితంలో అయిదు అని ఉంటుంది. అయిదు దాటితే తీసెయ్యమని నియమం. నేను తీస్తున్నా. మీరు కోత వేస్తున్నారనుకున్నా."

"మేం మీరు వాడట్లేదనుకున్నాం."

"వాడకపోవడమేంటమ్మా?"

"మీరు తీసేస్తున్నారు కాబట్టి మీటరు అయిదు చూపిస్తోంది. మీటరు అయిదు చూపిస్తోంది కాబట్టి నా లెక్క అయిదు అంటోంది. నా లెక్క అయిదు అంటోంది కాబట్టి మీకు అయిదు పంపిస్తున్నారు. అయిదే పంపారని మీరు తీసేస్తున్నారు."

రిజిస్టరు బాబాయి కళ్లజోడు తీసి తుడుచుకుని మళ్లీ పెట్టుకున్నాడు.

"అంటే ఈ నాలుగు నెలల్నించీ ఈ కోత ఎవరూ వెయ్యలేదా?"

"ఎవరూ వెయ్యలేదు. అందరం కలిసి వేశాం."

"మరి మిగతా ఆరు సబ్‌స్టేషన్లకీ ఈ కోత ఎలా పోయిందమ్మా?"

ఆ జవాబు ఆమెకి తెలుసు, చెప్పడానికే సిగ్గేసింది. ఒకచోట పెద్ద అధికారుల ఇళ్లున్నాయి, ఒకచోట పెద్ద దుకాణాలున్నాయి, ఒకచోట ఎవరో ఎవరికో బావమరిది. యూనిట్ బాగైన వారంలోనే ఫోన్లొచ్చాయి. చీఫ్ గారి ఆఫీసులో లెక్క మీద చేత్తో అంకె మార్చారు. కరెంటు వచ్చింది, వాడారు, మీటరు ఎక్కువ చూపించింది, ఆ తర్వాత గీత తనంతట తనే సర్దుకుంది. వంతెన అవతల ఫోన్ చేసేవాళ్లెవరూ లేరు. అడగనిదే అమ్మైనా పెట్టదంటారు. వీళ్లు అడిగినా తిట్లన్నీ రిజిస్టరు బాబాయి దగ్గరే ఆగిపోయాయి.

ఆ సాయంత్రం కూర్చుని కొత్త లెక్క కట్టింది. పన్నెండు గురువారాల్లోనూ ఆరింటినుంచి తొమ్మిదింటిదాకా ఉన్న అంకెలు వాడకం కావు, లాక్కోవడం. వాటిని ఖాళీ అని గుర్తు పెట్టింది. కరెంటు రాగానే జనం ఎగబడే తర్వాతి గంటని కూడా అలాగే వదిలేసింది. వరుసలు మాత్రం చెరిపేయలేదు. చెరిపేస్తే బ్లాకు నంబర్లు ముందుకి జరిగి, శుక్రవారం పొద్దున గురువారం రాత్రిలో పడుతుంది, అలలన్నీ గతి తప్పుతాయి. తర్వాత ఆ నలభై రెండు అలలతోనే ఒకసారి వేసి చూసింది. ఖాళీలో పట్టుకోవడానికి ఏమీ లేక గీత పిచ్చెక్కినట్టు ఎగిరి ముప్పై మెగావాట్లకి పోయింది. నవ్వుకుని పాత లెక్కకే వచ్చింది. రోజు అలలు ఆరు, వారపు అలలు మూడు. ఈ కొద్దిపాటి అలలకి ఒక్క గురువారంలో వేరుగా గుంట తవ్వే శక్తి లేదు. మిగతా రోజుల సాయంత్రాలు ఎలా లేస్తాయో చూసి, వారంలో గురువారం ఎంత బరువో చూసి చెబుతాయి. చెప్పాయి. ఏడుంబావుకి పదమూడు పాయింటు ఎనిమిది.

మంగళవారం ఆ కాగితం చీఫ్ గారి బల్ల మీద పెట్టింది.

చీఫ్ గారు చెడ్డమనిషి కాదు. ఆయన భార్య ఆపరేషన్‌కి ఆఫీసంతా రక్తం ఇచ్చింది, అలలమ్మ కూడా ఇచ్చింది. కానీ ఎర్రగడి చూస్తే ఆయన వేరే మనిషి.

"ఇదేంటమ్మా! ఈ కొత్త లెక్కని వెనకటి గురువారాల మీద వేస్తే తప్పు నూటికి నూట డెబ్బై ఆరు ఉంది! అయిదు ఉన్నచోట పదమూడు పాయింటు ఎనిమిది అంటున్నావు. నీ పాత లెక్క రెండున్నర శాతం. మంచిదాన్ని పారేసి చెడ్డదాన్ని తెస్తావా?"

"సార్, కంచం లాక్కుని, వీడు తినట్లేదు కాబట్టి వీడికి ఆకలి లేదని రాశాం. ఆ రాత ఎంత గుండ్రంగా ఉందో చూసి నాకు ప్రశంసాపత్రం ఇచ్చారు. పాత లెక్క కోతని కచ్చితంగా ఊహిస్తోంది సార్. ఆకలిని కాదు."

"కవిత్వం వద్దు. వాళ్లు నిజంగా వాడతారని గ్యారంటీ ఏంటి? నాలుగు నెలలుగా అలవాటు పడిపోయారు. నువ్వు పధ్నాలుగు తెప్పిస్తే, వాళ్లు అయిదే వాడితే? తప్పు పది శాతం దాటిన ప్రతి బ్లాకుకీ పైవాళ్లు నన్ను అడుగుతారు."

"నన్నడగమనండి. లెక్క నాది."

చీఫ్ గారు కళ్లజోడు మీదుగా చూశారు. గొంతు తగ్గించారు.

"మీ అక్క లాండ్రీ అక్కడే కదూ?"

అదిగో, వస్తుందనుకున్న మాట వచ్చింది. సోమవారం రాత్రంతా ఆమె ఈ మాటకే భయపడింది. తీరా వినేసరికి భయం పోయి ఒళ్లు మండింది.

"అక్కడే సార్. మా అక్క అక్కడుంది కాబట్టి ఆలస్యంగానైనా నాకు తెలిసింది. మీ అక్కలెవరూ అక్కడ లేరు కాబట్టి మీకు ఇప్పటికీ తెలియలేదు. మిగతా ఆరు చోట్లా ఉన్నారు, ఫోన్లు చేశారు, మీరు చేత్తో దిద్దారు. నేను చేత్తో దిద్దమనట్లేదు. లెక్క కట్టి తెచ్చాను."

చీఫ్ గారి చెవులు ఎర్రబడ్డాయి.

"సరే. అంచనా నీ లాగిన్‌తో, నీ పేరు మీద పంపు. నేను దిద్దను, సంతకమూ పెట్టను. పది శాతం దాటిందా, మెమో నీకే. ఇంకోమాట. మీ అక్కకి గానీ ఆ పేటలో ఎవరికి గానీ ముందుగా చెప్పావో, అది అంచనా కాదు, ఏర్పాటు. అప్పుడు మెమోతో పోదు."

"చెప్పను సార్. గీత తన కాళ్ల మీద తనే నిలబడాలి."

బుధవారం పది గంటలకి పంపేసింది. 'మార్పుకు కారణం' అన్న గడిలో ఇలా రాసింది: "గత లెక్కలో కోతనే జనం అవసరమనుకుని పొరబడ్డాను."

ఆ రాత్రి అక్క ఫోన్ చేసింది. "రేపు మధ్యాహ్నం బట్టలొస్తాయి. ఆరింటిలోపు అయినన్ని చేసి, పనిచేసే పిల్లల్ని పంపేసి, మళ్లీ తొమ్మిదింటికి పిలుస్తాను. ఎంతమంది వస్తారో ఏమో. నువ్వేమైనా చేశావా?"

నోటిదాకా వచ్చింది. పెదవి కొరుక్కుంది.

"చూస్తున్నానక్కా."

"చూస్తూనే ఉండు. మీ ఆఫీసుకి చూడ్డానికే కదా జీతాలు!" అని పెట్టేసింది. తోడబుట్టినదానితో తిట్టించుకుని నోరు మూసుకోవడం ఎంత కష్టమో ఆ రోజు తెలిసింది.

గురువారం అయిదున్నరకే అలలమ్మ కంట్రోల్ రూమ్‌లో నిలబడింది. గోడంత తెర మీద ఊరంతా గీతలుగా ఉంది. ఆ మూలన వంతెన సబ్‌స్టేషన్‌కి రెండు గీతలు: నీలంది ఆమె అంచనా, తెల్లది అసలు వాడకం. షిఫ్ట్ ఇంజినీరు టీ కప్పుతో పక్కకొచ్చాడు. వెనకాల చీఫ్ గారు కూడా వచ్చి, ఏదో పని ఉన్నట్టు ఇంకో తెర చూస్తూ నిలబడ్డారు.

ఆరైంది. ఎవరూ ఫీడర్లు తీయలేదు. అయినా తెల్లగీత కింద పడింది.

పన్నెండు నుంచి తొమ్మిదికి. నీలంగీత పన్నెండు పాయింటు తొమ్మిది దగ్గరుంది. ఆరుంబావుకీ తొమ్మిదే. షిఫ్ట్ ఇంజినీరు టీ తాగడం ఆపేశాడు.

"చెప్పానా?" అన్నారు చీఫ్ గారు, ఇంకో తెర వైపే చూస్తూ. "అలవాటైపోయింది. వాళ్లకి అక్కర్లేదు."

ఆమెకి ఎందుకు పడిందో అర్థమైంది. పేటంతా ఆరు కొట్టేలోపే తామే స్విచ్చులు ఆపేసుకుంది. మెషిన్ల మధ్యలో కరెంటు పోతే పాడవుతాయని, గ్రైండర్లలో పిండి మిగిలిపోతుందని, నాలుగు నెలల్లో జనం నేర్చుకున్నారు. లెక్క వాళ్లని చూసి నేర్చుకుంది, వాళ్లు లెక్కని చూసి నేర్చుకున్నారు. ఇద్దరికీ చెడు నేర్పింది తనే.

ఆరుంబావు దాటాక ఆమె ఫోన్ మోగింది. తెర మీద అక్క పేరు. చీఫ్ గారి వైపు చూసి స్పీకర్ పెట్టింది.

"ఒసేయ్! కరెంటు పోలేదేంటే?" అక్క అరుపుకి షిఫ్ట్ ఇంజినీరు ఉలిక్కిపడ్డాడు. "అయిదు యాభైకి అన్నీ ఆపేసి పిల్లల్ని పంపేశానే! పక్కన వెల్డింగు షాపతను షట్టర్ దించేశాడు. అందరం వీధిలో నిలబడి బల్బుల వంక చూస్తున్నాం పిచ్చోళ్లలాగా! ఎప్పుడు పోతుందో చెప్పు, మధ్యలో పోతే నా మెషిన్లు ఏమవుతాయో తెలుసుగా!"

ఆమె చీఫ్ గారి కళ్లలోకి చూసి చెప్పింది. "అక్కా, నువ్వు అడిగావు కాబట్టి చెబుతున్నా. అది పోయే కరెంటు కాదు. నీ పేరు మీద తెప్పించిన కరెంటు."

తర్వాత అక్క గొంతు, ఫోన్‌కి కాదు, వీధికి: "ఏయ్! పోదటర్రా! ఎవరో ఒకరు వెళ్లి మా పిల్లల్ని పిలుచుకు రండి! షట్టర్ ఎత్తవయ్యా, చూస్తావేంటి!"

ఆరున్నరకి తెల్లగీత పదికి వచ్చింది. ఏడుకి పన్నెండున్నర. ఏడుంబావుకి పదమూడు. చీఫ్ గారు ఇంకో తెర చూడడం మానేశారు. ఏడున్నరకి తెల్లగీత నీలంగీతని తాకి, ఆగకుండా పైకి వెళ్లింది. పోయిన గంటా, అంతకు ముందు పోయిన గురువారాలూ ఒక్కసారిగా తీర్చుకుంటున్నట్టు ఎవరెవరో ఏవేవో వేస్తూనే ఉన్నారు. ఎనిమిదైంది. పదిహేను.

హాట్‌లైన్ మోగింది. రిజిస్టరు బాబాయి.

"ఇంజినీరమ్మగారూ, పదిహేను దాటుతోంది. కేటాయింపు పదమూడు చిల్లరే. నియమం ప్రకారం ఒక ఫీడర్ తీయాలి. పెన్ను చేతిలోనే ఉంది, ఏం రాయమంటారు?"

గదిలో అందరూ చీఫ్ గారి వైపు చూశారు. ఆయన తెర మీంచి చూపు తిప్పలేదు. ఆమె షిఫ్ట్ ఇంజినీరు వైపు తిరిగింది. అతను ఫ్రీక్వెన్సీ చూపించే అంకె వైపు గడ్డంతో చూపించాడు: యాభై పాయింటు సున్నా మూడు. ఊరు మొత్తానికి కావలసినదానికన్నా కరెంటు కాస్త మిగులుగానే ఉందని దాని అర్థం.

"ఒక్క పేట ఒకటిన్నర ఎక్కువ తింటే మునిగిపోయేదేం లేదు," అన్నాడు షిఫ్ట్ ఇంజినీరు. "తియ్యద్దు బాబాయ్. షిఫ్ట్ ఆర్డర్ అని రాసుకో, నా పేరు రాసుకో."

"నా పేరు కూడా రాయండి బాబాయిగారూ," అంది అలలమ్మ. "అంచనా నాది."

"రాస్తున్నానమ్మా. ఇద్దరి పేర్లూ రాస్తున్నా." ఆయన గొంతులో నవ్వు దాచినా దాగలేదు.

ఎనిమిదింబావుకి పదిహేను పాయింటు నాలుగు. అక్కడినుంచి మెల్లగా దిగింది. తొమ్మిదింటికి గీతలో గుంటా లేదు, మెట్టూ లేదు, మిగతా రోజుల్లాగే నున్నగా పడుకుంది. చీఫ్ గారు ఎప్పుడు వెళ్లిపోయారో ఎవరూ చూడలేదు.

శుక్రవారం పొద్దున ఆరింటికి అక్క నుంచి ఒక ఫొటో వచ్చింది. ఆసుపత్రి బండిలో దొంతరలుగా తెల్లటి దుప్పట్లు, పక్కన ఎనిమిదిమంది ఆడవాళ్లు కళ్లు పీక్కుపోయి నవ్వుతున్నారు. కింద ఒకటే మాట: "ఒక్కటీ తగ్గలేదే!" అలలమ్మ ఆ ఫొటో చూసి బస్సులో అందరిముందూ ఏడ్చేసింది. పక్క సీటావిడ కంగారుపడి మంచినీళ్ల సీసా ఇచ్చింది.

పది గంటలకి మెమో వచ్చింది. చీఫ్ గారు అన్నమాట తప్పే మనిషి కాదు. "డెబ్బై మూడు నుంచి డెబ్బై ఆరు వరకు బ్లాకుల్లో వాడకం అంచనా కంటే పది శాతానికి మించి తక్కువ. ఎనభై రెండో బ్లాకులో పది శాతానికి మించి ఎక్కువ. ఇరవై నాలుగు గంటల్లో సంజాయిషీ ఇవ్వవలెను."

షిఫ్ట్ ఇంజినీరు వచ్చి చెవిలో చెప్పాడు. "పోనీ, అలవాట్లు మారాయి, వాతావరణం మారింది అని ఏదో రాసెయ్యండి. అందరూ అలాగే రాస్తారు. క్షమించవలెను అని కింద పెడితే ఫైలు మూసేస్తారు."

"అలాగే రాస్తా," అంది ఆమె. కానీ అలా రాయలేదు.

కొత్త గురువారం అంకెల్ని లెక్కలో చేర్చింది. పన్నెండు వారాల్లో నిజమైన గురువారం సాయంత్రం మొదటిసారి ఒకటి దొరికింది. ఒక్క వారానికి అలలు పెద్దగా కదలవు, కొంచెమే కదిలాయి. పదమూడు పాయింటు ఎనిమిది కాస్తా పధ్నాలుగైంది. తర్వాత సొరుగు తీసి, లామినేషన్ చేసిన ప్రశంసాపత్రం బయటికి తీసి, తెల్లకాగితానికి దాన్ని క్లిప్పుతో తగిలించింది. స్టేపిల్ దిగలేదు, లామినేషన్ గట్టిగా చేయించింది మరి.

ఆ కాగితం మీద రాసింది ఇంతే:

"మొదటి నాలుగు బ్లాకుల గురించి: జనం మనల్ని నమ్మలేదు. నమ్మకపోవడానికి కారణం నేను.

ఎనభై రెండో బ్లాకు గురించి: తప్పు నాదే. తక్కువ అడిగాను.

వచ్చే గురువారానికి పధ్నాలుగు అడుగుతున్నాను.

జత: ప్రశంసాపత్రం ఒకటి, వాపసు."